వాట్సాప్‌లో వచ్చిన సీఆర్‌పీఎఫ్ నోటిఫికేషన్ నిజమేనా? తమ్ముడి ఎత్తు, వయసు, బీసీ సర్టిఫికెట్ గురించి కూడా చెప్పండి

పలాస_అక్క | 2024 సెప్టెంబర్ 17, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది పలాస. అమ్మ జీడి ఫ్యాక్టరీలో పని చేస్తుంది, నాన్న లేరు. తమ్ముడు డిగ్రీ మధ్యలో ఆపేశాడు. చిన్నప్పటి నుంచి యూనిఫాం ఉద్యోగమే కావాలంటాడు. పుట్టిన తేదీ 2001 నవంబర్ 20. ఎత్తు 168 సెంటీమీటర్లు. మేము బీసీ-డి.

మొన్న వాడికి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. పైన అశోక చిహ్నం, సీఆర్‌పీఎఫ్ ముద్ర ఉన్నాయి. రాత పరీక్ష లేకుండా డైరెక్ట్ రిక్రూట్‌మెంట్ అట, ఎత్తులో 3 సెంటీమీటర్ల సడలింపు అట, ప్రాసెసింగ్ ఫీజు 2,550 రూపాయలట, సెప్టెంబర్ 30 లోపు కట్టాలట. పంపినాయన మాకు తెలిసినాయనే. ఫీజు కట్టాక టెన్త్ ఒరిజినల్ తనకిస్తే మిగతాదంతా తను చూసుకుంటానని, ఉద్యోగం వచ్చాకే లక్షన్నర ఇమ్మని, రాకపోతే పైసా వద్దని అంటున్నాడు. రాకపోతే వద్దంటున్నాడు కదా, పోయేదేముందని అమ్మ అంటోంది. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గ్రౌండ్_సాయి | సెప్టెంబర్ 17, రాత్రి 10:15

అక్కా, అది పక్కా ఫేక్. కానిస్టేబుల్ జీడీ ఎప్పుడైనా ఎస్ఎస్‌సీ ద్వారానే వస్తుంది, సీఆర్‌పీఎఫ్ సొంతంగా ఎప్పుడూ నోటిఫికేషన్ ఇవ్వదు. అసలు నోటిఫికేషన్ ఇప్పుడు నడుస్తోంది, నేనూ అప్లై చేశాను. తమ్ముడికి రన్నింగ్ బాగా ప్రాక్టీస్ చేయించండి. 5 కిలోమీటర్లు ఎంత త్వరగా కొడితే అన్ని మార్కులు.

మాజీ_సీఆర్‌పీఎఫ్_టెక్కలి | సెప్టెంబర్ 18, ఉదయం 5:50

పలాస అమ్మాయికి, ముందు ఒక మాట. టెన్త్ ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈరోజే వెళ్లి తెచ్చుకో తల్లీ. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

సాయి చెప్పింది సగం నిజం. ఆ కాగితం నకిలీదే, కానీ సీఆర్‌పీఎఫ్ సొంతంగా నోటిఫికేషన్ ఇవ్వదన్నది తప్పు. జనరల్ డ్యూటీ కానిస్టేబుల్‌ని స్టాఫ్ సెలక్షన్ కమిషన్ తీసుకుంటుంది. అయితే 2023లో సీఆర్‌పీఎఫ్ తనే డ్రైవర్లు, వంటవాళ్లు, టైలర్ల వంటి ట్రేడ్స్‌మన్ పోస్టులు 9,212కి తన సైట్ rect.crpf.gov.in లో దరఖాస్తులు తీసుకుంది. దానికీ కంప్యూటర్ పరీక్ష పెట్టారు. అందుకే సీఆర్‌పీఎఫ్ పేరు ఉందని కొట్టిపారేయకండి, అలాగని ముద్ర ఉందని నమ్మకండి. ముద్ర ఎవరైనా అతికించగలరు. పట్టిచ్చేది లోపలి విషయం. రాత పరీక్ష లేదన్నాడు, ఎత్తు సడలింపు అందరికీ అన్నాడు, ఫీజు 2,550 అన్నాడు. ఎస్ఎస్‌సీ జీడీ ఫీజు 100 రూపాయలు. ఆడపిల్లలకీ, ఎస్సీ ఎస్టీలకీ అదీ లేదు. ఆ డబ్బు కమిషన్ పోర్టల్‌లో మీ లాగిన్ నుంచే కడతారు, ఎవరి ఫోన్ నంబర్‌కీ కాదు.

ఎలా చూసుకోవాలో చెబుతాను. వచ్చిన లింకు నొక్కొద్దు. ఫోన్‌లో మీరే ssc.gov.in అని టైప్ చేయండి. నోటీస్ బోర్డులో సెప్టెంబర్ 5న పెట్టిన పీడీఎఫ్ ఉంటుంది: బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, ఎస్‌ఎస్‌బీ, ఐటీబీపీ, అస్సాం రైఫిల్స్ వగైరా అన్నీ కలిపి 39,481 పోస్టులు, చివరి తేదీ అక్టోబర్ 14. మీకొచ్చిన కాగితాన్ని దాని పక్కన పెట్టి తేదీ, ఫీజు, ఎత్తు మూడూ పోల్చండి. ఒక్కటీ కలవదు.

ఇంకొకటి. ఎస్ఎస్‌సీ సైట్ ఈ ఏడాది ఫిబ్రవరిలో మారింది. పాత ssc.nic.in లో చేసుకున్న రిజిస్ట్రేషన్ ఇక్కడ పనికిరాదు, కొత్తగా చేసుకోవాలి. ఫొటో కూడా పాతది ఎక్కించడం కుదరదు, దరఖాస్తు చేసేటప్పుడు కెమెరా ముందు కూర్చుని తీసుకోవాలి. అంటే మీ తమ్ముడు లేకుండా తనే అప్లై చేసేస్తానని ఎవరైనా అంటే అక్కడే అనుమానించాలి.

రైతుబిడ్డ_మార్కాపురం | సెప్టెంబర్ 18, ఉదయం 8:05

అన్నీ gov.in తోనే ఉండవు కదా సార్. మా తమ్ముడు నేవీ అగ్నివీర్‌కి పెట్టిన సైట్ చివర cdac.in అని ఉంది. అదీ ఫేకేనా?

మాజీ_సీఆర్‌పీఎఫ్_టెక్కలి | సెప్టెంబర్ 18, ఉదయం 8:30

కాదు, అది అసలుదే. నేవీది agniveernavy.cdac.in, ఎయిర్‌ఫోర్స్‌ది agnipathvayu.cdac.in. సీడాక్ కేంద్ర ప్రభుత్వ సంస్థే. ఆర్మీది joinindianarmy.nic.in. మోసగాళ్లు అసలు పేరును ముందు పెట్టి వెనక తమ సొంత పేరు తగిలిస్తారు. ఉదాహరణకి ఇలా:

```
ssc.gov.in.example.com/apply
```

ఇందులో ssc.gov.in కనిపిస్తోంది కానీ ఈ సైట్ ఎస్ఎస్‌సీది కాదు, example.com వాళ్లది. మొదట్లో https:// ఉంటే దాన్ని వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి గీతకి సరిగ్గా ముందున్న ముక్కే యజమాని. చదివేటప్పుడు అక్కడి నుంచి వెనక్కి చదవాలి.

పలాస_అక్క | సెప్టెంబర్ 18, మధ్యాహ్నం 1:20

బాబాయ్ గారూ, ఒరిజినల్ ఇంకా ఇవ్వలేదు. ఇంట్లోనే ఉంది. చాలా థాంక్స్. కానీ అమ్మకి ఎలా చెప్పాలో తెలియడం లేదు. పోయిన నోటిఫికేషన్‌లో మా వీధిలో ఇద్దరికి ఆయనే ఉద్యోగం వేయించాడని అందరూ అంటారు. రానివాళ్లకి డబ్బు తిరిగి ఇచ్చాడు కూడా.

నిర్మల్_టీచర్ | సెప్టెంబర్ 18, సాయంత్రం 6:45

అమ్మా, నేను లెక్కల టీచర్‌ని. మా దగ్గరా ఇలాంటివాడు ఉండేవాడు. అమ్మగారికి ఈ లెక్క చెప్పండి. ఇరవై మంది కుర్రాళ్ల దగ్గర తలా 50 వేలు అడ్వాన్సు తీసుకున్నాడనుకుందాం. వాడు ఏమీ చేయడు. ఇంట్లో కూర్చుంటాడు. ఇరవై మందిలో ముగ్గురు వాళ్లు చదువుకున్న చదువుతో, వాళ్లు పరుగెత్తిన పరుగుతో పాసవుతారు. ఆ ముగ్గురి అడ్వాన్సు కలిపి లక్షన్నర వాడిది, పైగా మిగతా బాకీ కూడా వసూలు చేస్తాడు. మిగిలిన పదిహేడు మందికి ఏడాది తర్వాత తిరిగి ఇస్తాడు, నిజాయితీపరుడన్న పేరు వస్తుంది. ఆ ఏడాదంతా వాళ్ల డబ్బు వడ్డీలకి తిప్పుకుంటాడు. మీ వీధిలో ఆ ఇద్దరూ సొంత కష్టంతో ఎక్కినవాళ్లే, ఆ సంగతి వాళ్లకీ తెలియకపోవచ్చు.

మీ విషయంలో ముందు డబ్బు వద్దన్నా సర్టిఫికెట్ అడుగుతున్నాడు. పిల్లవాడు తనంతట తను పాసైతే అప్పుడు కాగితం అడ్డం పెట్టి లక్షన్నర తీసుకుంటాడు.

వీరా_అనంత | సెప్టెంబర్ 18, రాత్రి 9:10

అందరూ మోసగాళ్లని ఎలా అంటారు టీచర్ గారూ? మా పిన్ని కొడుక్కి నిజంగానే ఒకాయన చేయించాడు. మెడికల్‌లో మొదట అన్‌ఫిట్ అన్నారు. ఆయన ఫోన్ చేశాక ఫిట్ ఇచ్చారు.

మాజీ_సీఆర్‌పీఎఫ్_టెక్కలి | సెప్టెంబర్ 18, రాత్రి 9:55

బాబూ, మెడికల్‌లో అన్‌ఫిట్ అన్నవాళ్లకి రివ్యూ మెడికల్ అడిగే హక్కు ఉంటుంది. వేరే డాక్టర్ల బోర్డు మళ్లీ చూస్తుంది. అక్కడ ఫిట్ అయినవాళ్లు నా కళ్ల ముందే చాలామంది ఉన్నారు. మీ వాడికి జరిగింది అదే అయి ఉండొచ్చు.

వీరా_అనంత | సెప్టెంబర్ 18, రాత్రి 10:02

ఏమో సార్. మా పిన్ని మాత్రం ఆయన వల్లే అంటుంది.

మాజీ_సీఆర్‌పీఎఫ్_టెక్కలి | సెప్టెంబర్ 19, ఉదయం 6:10

ఇక మీ తమ్ముడి సంగతి. మూడు విషయాలున్నాయి తల్లీ, మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

వయసు. ఈసారి లెక్క 2025 జనవరి 1 నాటికి. 18 నుంచి 23. జనరల్ అభ్యర్థి 2002 జనవరి 2కి ముందు పుట్టి ఉండకూడదు. మీవాడు పుట్టింది 2001 నవంబర్ 20. అంటే 43 రోజుల తేడాతో జనరల్‌లో వయసు దాటిపోయాడు. ఓబీసీకి 3 ఏళ్ల సడలింపు కాబట్టి 1999 జనవరి 2 దాకా పర్వాలేదు. మీవాడు ఓబీసీగా మాత్రమే అర్హుడు.

అందువల్ల మీ బీసీ-డి సర్టిఫికెట్ మీద అంతా ఆధారపడి ఉంది. బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ అన్నవి రాష్ట్రం వర్గాలు. కేంద్రానికి ఓబీసీ ఒక్కటే. కేంద్రం జాబితా వేరు. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులం అందులో ఉండదు. ముందు ncbc.nic.in లో ఆంధ్రప్రదేశ్ జాబితా తెరిచి మీ కులం పేరు ఉందో లేదో చూడండి. ఉంటే సచివాలయంలో అప్లై చేసేటప్పుడు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం ఓబీసీ సర్టిఫికెట్ కావాలని స్పష్టంగా చెప్పండి. అందులో క్రీమీలేయర్ కాదన్న మాట ఉంటుంది, తహసీల్దార్ సంతకం ఉంటుంది. నోటిఫికేషన్ చివర నమూనా ఇచ్చారు, ప్రింట్ తీసి పట్టుకెళ్లి మీకు ఇచ్చినదానితో వరస వరసా పోల్చుకోండి. క్రీమీలేయర్ లెక్కకి దరఖాస్తు చివరి తేదీనే ప్రమాణం, కాబట్టి అక్టోబర్ 14 లోపు చేతిలో పెట్టుకోవడం మేలు.

మూడోది ఎత్తు. అదే పెద్ద చిక్కు. జీడీకి మగవాళ్లకి 170. ఎస్టీలకి 162.5. ఓబీసీకి ఎత్తులో సడలింపు లేదు. 168 అయితే రాత పరీక్ష ఎంత బాగా రాసినా గ్రౌండ్‌లో ఆగిపోతాడు.

శిరీష_జగిత్యాల | సెప్టెంబర్ 19, మధ్యాహ్నం 12:30

అక్కా, సర్టిఫికెట్ విషయం తేలిగ్గా తీసుకోవద్దు. నాకు జరిగింది చెప్తాను. 2021 జీడీలో రాత పరీక్ష పాసయ్యాను, 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లోపే పరుగెత్తాను. సర్టిఫికెట్ల రోజు టేబుల్ దగ్గర కూర్చున్న సార్ నా కాగితం తిప్పి తిప్పి చూశారు. పైన మా రాష్ట్రం ముద్ర, బీసీ-డి అని ఉంది, క్రీమీలేయర్ మాట ఎక్కడా లేదు. ఎర్ర పెన్నుతో నా పేరు పక్కన యూఆర్ అని రాశారు. అంటే జనరల్. నా మార్కులు జనరల్ కటాఫ్‌కి సరిపోలేదు. నాన్న గేటు బయట చెట్టు కింద టిఫిన్ డబ్బాతో కూర్చుని ఉన్నారు, బయటికొచ్చి ఆయనకి ఏం చెప్పాలో తెలియలేదు.

నాకు కనీసం జనరల్ వయసు ఉంది. మీ తమ్ముడికి అదీ లేదు, కాగితం తప్పైతే పూర్తిగా బయటే.

సూర్యాపేట_పేరెంట్ | సెప్టెంబర్ 19, మధ్యాహ్నం 3:00

మా బాబు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఎన్‌డీఏకి కూడా 170 కావాలా?

నిర్మల్_టీచర్ | సెప్టెంబర్ 19, మధ్యాహ్నం 3:25

ఇక్కడ మాట్లాడుతున్నది కానిస్టేబుల్ పోస్టు గురించి. ఎన్‌డీఏ ఆఫీసర్ల ఎంట్రీ, యూపీఎస్‌సీ నిర్వహిస్తుంది, ఎత్తు లెక్క కూడా వేరు. upsc.gov.in లో నోటిఫికేషన్ చూడండి. వేరే చర్చ మొదలుపెడితే అక్కడ మాట్లాడదాం.

గ్రౌండ్_సాయి | సెప్టెంబర్ 19, రాత్రి 8:40

అక్కా, 168 అన్నది ఎక్కడ కొలిచారు? నేను కూడా ఇంట్లో గోడకి నిలబడి 168 అనుకున్నాను. పీఈటీ సార్ స్కూల్లో కొలిస్తే 170.5 వచ్చింది. ఇంట్లో టేప్ సరిగ్గా పట్టుకోలేదు.

మాజీ_సీఆర్‌పీఎఫ్_టెక్కలి | సెప్టెంబర్ 19, రాత్రి 9:15

సాయి మంచి మాట అడిగాడు. చెప్పులు తీసి, జుట్టు అణిచి, మడమలు, పిరుదులు, భుజాలు గోడకి ఆనించి, చూపు నేరుగా పెట్టి కొలవాలి. తల మీద పుస్తకం సమంగా పెట్టి పెన్సిల్ గీత గీయాలి. ఉదయం లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలవండి. మనిషి నిలబడి పని చేసేకొద్దీ వెన్నుపూసల మధ్య మెత్తని భాగం నొక్కుకుని సాయంత్రానికి ఒక సెంటీమీటరు దాకా తగ్గుతాడు. ఆ తేడా కూడా మనసులో పెట్టుకోవాలి, ఎందుకంటే గ్రౌండ్‌లో మీవాడి వంతు మధ్యాహ్నం రావచ్చు.

సాయీ, నువ్వన్న మార్కుల సంగతి కూడా సరిచేయాలి. జీడీలో పరుగుకి మార్కులు లేవు. 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు అయిపోతే చాలు, 19లో కొట్టినా అదే పాస్. మెరిట్ అంతా రాత పరీక్ష 160 మార్కుల మీదే, ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఉంటే దాని మీద కొంత కలుస్తుంది. పరుగుకి మార్కులిచ్చేది ఆర్మీ. అక్కడ 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో కొడితే 60 మార్కులు, 5:45 లోపైతే 48. రెండూ కలిపేసుకుని చాలామంది కుర్రాళ్లు పొద్దున పరుగుకే టైమంతా పెట్టి పుస్తకం వదిలేస్తారు. జీడీ రాసేవాడు రోజూ రెండు గంటలైనా చదువు మీద కూర్చోవాలి. పరీక్ష తెలుగులోనే రాయొచ్చు, తప్పుకి పావు మార్కు పోతుంది.

గ్రౌండ్_సాయి | సెప్టెంబర్ 19, రాత్రి 9:40

ఇది నిజంగా తెలియదు సార్. నేను రోజూ 8 కిలోమీటర్లు పరుగెత్తి మ్యాథ్స్ వదిలేస్తున్నాను. రేపటి నుంచి మారుస్తాను. మా జడ్పీ స్కూల్ గ్రౌండ్ చుట్టు 200 మీటర్లు. 25 చుట్లు అవుతాయి కదా?

నిర్మల్_టీచర్ | సెప్టెంబర్ 19, రాత్రి 9:58

అవును. చుట్టుకి 57 సెకన్లు. మొదటి పది చుట్లు 50లో కొట్టి తర్వాత నడిచేవాళ్లే ఎక్కువ. వాచీ పెట్టుకుని అన్నీ ఒకేలా పరుగెత్తు.

పలాస_అక్క | సెప్టెంబర్ 24, సాయంత్రం 7:30

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. అమ్మకి టీచర్ గారి లెక్క కాగితం మీద వేసి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనకి ఫోన్ చేసి మాకొద్దని చెప్పమంది. చెప్పేశాను. పక్క వీధిలో ఒకబ్బాయి ఇప్పటికే 2,550 కట్టేశాడట.

మా కులం కేంద్రం జాబితాలో ఉంది. సచివాలయంలో అప్లై చేశాను. మొదట మామూలు కులం సర్టిఫికెట్టే ఇవ్వబోయారు, నమూనా ప్రింట్ చూపిస్తే అప్పుడు సరిగ్గా నమోదు చేసుకున్నారు.

ఎత్తు స్కూల్లో కొలిపించాం. ఉదయం 169.6, సాయంత్రం 169. ఇప్పుడేం చేయాలి?

మాజీ_సీఆర్‌పీఎఫ్_టెక్కలి | సెప్టెంబర్ 25, ఉదయం 5:45

ఆ కట్టేసిన అబ్బాయిని వెంటనే 1930కి ఫోన్ చేయమను, cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు పెట్టమను. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. వాట్సాప్ మెసేజ్ చెరిపేయొద్దను.

ఎత్తు గురించి నిజం చెప్పాలి. నేను డ్యూటీ చేసిన బోర్డుల్లో 169.6ని 170గా రాయడం చూడలేదు. కొలతలో తేడా అనిపిస్తే గ్రౌండ్‌లోనే అప్పీలు అధికారి ఉంటారు, అప్పటికప్పుడు అడగొచ్చు, మళ్లీ కొలుస్తారు. ఆ మాటే చివరిది. నీ తమ్ముడికి అది గండమే.

కానీ 169 పట్టే చోట్లు ఉన్నాయి. రాష్ట్ర పోలీస్ కానిస్టేబుల్‌కి 167.6. రైల్వే ఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్‌కి ఓబీసీ మగపిల్లలకి 165. ఆర్‌పీఎఫ్ నోటిఫికేషన్ ఈ ఏడాది ఏప్రిల్‌లో వచ్చి మేలో ముగిసింది, మళ్లీ ఎప్పుడో చెప్పలేం. ఆర్మీకి 166 చాలు కానీ 21 దాటిపోయాడు. నేనైతే జీడీకి 100 రూపాయలు పెట్టి దరఖాస్తు చేయిస్తాను, రాత పరీక్ష అనుభవం వస్తుంది, పోలీస్ పరీక్షకి ఆ లెక్కలు, రీజనింగ్ పనికొస్తాయి. అసలు గురి మాత్రం పోలీస్ మీద పెట్టమంటాను.

శిరీష_జగిత్యాల | సెప్టెంబర్ 25, ఉదయం 10:20

బాబాయ్ గారూ, నేను ఒప్పుకోను. రాదని తెలిసి ఆరేడు నెలలు దాని మీద పెట్టడం ఎందుకు? పోలీస్‌కే నేరుగా చదివితే మంచిది కదా. గ్రౌండ్‌లో ఆగిపోతే పిల్లవాడి మనసు విరిగిపోతుంది. నాకు తెలుసు.

పలాస_అక్క | సెప్టెంబర్ 25, రాత్రి 8:50

తమ్ముడిని పక్కన కూర్చోబెట్టి మీ ఇద్దరి మాటలూ చదివి వినిపించాను. వాడు అప్లై చేస్తానన్నాడు. పోలీస్ పుస్తకాలు కూడా కొంటానన్నాడు. సర్టిఫికెట్ వచ్చాక దరఖాస్తు పెడతాం.

ఒక్క సందేహం మిగిలింది. దరఖాస్తులో సొంత రాష్ట్రం అడుగుతోంది. వాడు రెండేళ్లు హైదరాబాద్‌లో పని చేశాడు, ఆధార్‌లో అక్కడి అడ్రసే ఉంది. ఏది పెట్టాలి?

మాజీ_సీఆర్‌పీఎఫ్_టెక్కలి | సెప్టెంబర్ 26, ఉదయం 5:40

ఆంధ్రప్రదేశే పెట్టాలి తల్లీ. పోస్టులూ కటాఫూ రాష్ట్రాల వారీగా ఉంటాయి. ఏ రాష్ట్రం రాస్తే ఆ రాష్ట్రం డొమిసైల్ సర్టిఫికెట్ చివర్లో చూపించాలి. మీకు అది ఇచ్చేది మీ తహసీల్దారే. ఓబీసీ కాగితం కూడా ఇక్కడిదే కదా.

రైతుబిడ్డ_మార్కాపురం | సెప్టెంబర్ 26, ఉదయం 9:15

మా దగ్గర దానికి నేటివిటీ సర్టిఫికెట్ ఇచ్చారు. పక్క మండలంలో రెసిడెన్స్ సర్టిఫికెట్ అంటున్నారు. ఏది చెల్లుతుందో ఎవరికైనా తెలుసా? ఈమధ్య డాక్యుమెంట్ల దాకా వెళ్లినవాళ్లుంటే చెప్పండి.

పలాస_అక్క | అక్టోబర్ 5, మధ్యాహ్నం 2:10

ఓబీసీ సర్టిఫికెట్ వచ్చింది. నమూనాతో పోల్చుకున్నాం, సరిపోయింది. నిన్న రాత్రి దరఖాస్తు పెట్టేశాడు. ఫొటో తీసుకునేటప్పుడు గోడ మీద క్యాలెండర్ పడుతోందని అమ్మే వచ్చి తీసేసి పక్కన నిలబడింది. ఫీజు రసీదు కూడా దాచింది. నేటివిటీనా రెసిడెన్సా అన్నది ఎవరికైనా తెలిస్తే ఇక్కడే రాయండి, చూస్తూ ఉంటాను.